ఆఫీసు మానిటర్లన్నింటికీ ఒకే కొలత: స్టాఫ్‌కు నేను రెండుసార్లు రాసిన ఉత్తరం

"మాది కర్నూల్లో చిన్న ఆఫీసు. ఎనిమిది సిస్టమ్‌లు, అందులో రెండు ల్యాప్‌టాప్‌లు. మానిటర్లు ఒక్కోటి ఒక్కో సైజు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు బ్రైట్‌నెస్, అక్షరాల సైజు మార్చుకుంటారు, సీటు మారితే గొడవ. అందరూ బ్రైట్‌నెస్ 50, స్కేలింగ్ 125 పెట్టుకోవాలని ఒక లెటర్ ఇద్దామనుకుంటున్నా. ఎలా రాస్తే బాగుంటుంది?"

ఆ రెండు నంబర్లు పెట్టి మాత్రం లెటర్ ఇవ్వకండి సార్. మూడేళ్ల కిందట నేను అచ్చం అదే పని చేసి, వారం తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాను. మాది అనంతపురంలో అకౌంట్స్ ఆఫీసు, తొమ్మిది సీట్లు. షాపుల వాళ్లు, గ్రానైట్ వాళ్లు బిల్లులు పంపుతారు. వాటిని ఎంట్రీ చేసి జీఎస్టీ రిటర్నులు వేస్తాం. రోజంతా అంకెలు చూసే పని కాబట్టి స్క్రీన్ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో మాకు త్వరగానే తెలిసింది.

అసలు సంగతి బయటపడింది కంటి నొప్పితో కాదు, బిల్లు నంబర్లతో. ప్రతి నెలా మేం ఎక్కించిన కొనుగోలు బిల్లులను అమ్మినవాళ్లు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్ 2బీ స్టేట్‌మెంట్‌తో పోల్చి చూస్తాం. ఒక నెలలో మామూలుకంటే ఎక్కువ తేడాలు వచ్చాయి. జీఎస్టీ నంబరులో తప్పు పడితే సాధారణంగా అక్కడికక్కడే దొరికిపోతుంది, ఎందుకంటే ఆ 15 అక్షరాల్లో చివరిది మిగతావాటిని సరిచూసే అక్షరం. బిల్లు నంబరుకు ఆ కాపలా లేదు. 618 బదులు 818 కొడితే కంప్యూటర్ కిక్కురుమనదు. నేను తేడాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ ఎంట్రీ ఏ సీటులో జరిగిందో పక్కన వేసుకుంటే సగానికి పైగా ఒకే సీటువి. 6కి 8, Bకి 8, 5కి S. ఆ సీటులో అబ్బాయి కొత్తవాడేమీ కాదు, చాలా జాగ్రత్త మనిషి.

వెళ్లి చూస్తే అతను అక్షరాలు పెద్దగా కనపడాలని, అక్షరాల, బటన్ల సైజును శాతాల్లో పెంచే స్కేలింగ్ జోలికి పోకుండా, స్క్రీన్ మీద ఎన్ని చుక్కలు వాడాలో చెప్పే రిజల్యూషన్ తగ్గించుకున్నాడు. 1920×1080 మానిటర్‌ను 1280×720లో నడుపుతున్నాడు. ఇది మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే అలవాటు. అక్షరం పెద్దదవుతుంది నిజమే. కానీ ప్యానెల్‌లో ఉన్న చుక్కలు 1920×1080 అయితే, 1280×720 బొమ్మలోని ఒక్కో చుక్కను ఒకటిన్నర చుక్క మీద పరచాలి. సగం చుక్క అనేది ఉండదు కాబట్టి అంచులన్నీ బూడిదగా అలుక్కుపోతాయి. స్కాన్ చేసిన బిల్లులో 6 పైభాగం తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఆ అంచులోనే తేలుతుంది. "నాకు బాగానే కనపడ్తాంది సార్" అన్నాడు. రిజల్యూషన్ సరిచేసి అదే బిల్లు మళ్లీ తెరిచాక, కాసేపు దాన్నే చూసి "ఓహో" అని ఊరుకున్నాడు.

ఆ ఊపులోనే నేను మొదటి లెటర్ రాశాను. అందరూ బ్రైట్‌నెస్ 40, స్కేలింగ్ 125, రిజల్యూషన్ ముట్టుకోవద్దు. మూడోది ఒక్కటే నిలబడింది.

స్కేలింగ్ 125 ఎందుకు చెడిందంటే, మా దగ్గర 18.5 అంగుళాల పాత మానిటర్ ఒకటుంది, 1366×768ది. దానికి 125 పెడితే ప్రోగ్రాములకు మిగిలే జాగా 1093×614 మానిటర్‌లో ఉన్నంతే. ఎంట్రీ విండో కింది భాగం స్క్రీన్ దాటి పోయింది. సేవ్ బటన్ కనపడదు. మా అక్కౌంటెంట్ మేడమ్ రెండు రోజులు ట్యాబ్ కీ లెక్కపెట్టి నొక్కి, కంటికి కనపడని బటన్ మీద ఎంటర్ కొట్టింది. నాకు చెప్పలేదు, లెటర్‌లో ఉంది కదా అని. ఇంకోవైపు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌ను బల్ల చివర స్టాండ్ మీద పెట్టుకుని దూరంగా కూర్చునే ఆయనకు 125 కూడా చాలలేదు.

బ్రైట్‌నెస్ 40 ఇంకా అన్యాయం. కొత్త మానిటర్‌లో 40 అంటే ఒక వెలుగు, ఎనిమిదేళ్ల మానిటర్‌లో 40 అంటే ఇంకో వెలుగు. ఆ అంకె ఆ మానిటర్ తనకు తాను వేసుకున్న మార్కు మాత్రమే. కిలో, మీటరులా అందరికీ ఒకటైన కొలత కాదు. కిటికీ పక్కన సీటు, లోపలి గోడ పక్కన సీటు వేరువేరు వెలుగులో ఉంటాయన్నది ఇంకో లెక్క.

కాబట్టి రెండో లెటర్‌లో ఎక్కడ నొక్కాలో ఏ నంబరు పెట్టాలో చెప్పడం మానేశాను. స్క్రీన్ మీద అక్షరం ఎంత ఉండాలి, తెలుపు ఎంత ఉండాలి అన్నది మాత్రమే కొలతగా పెట్టాను. దాన్ని అందుకోవడానికి ఒక్కో సీటు ఒక్కో నంబరు పెట్టుకుంటుంది. ఆ కొలతలు ఎలా తీశానో ముందు చెప్తాను, లెటర్ తర్వాత ఇస్తాను.

అక్షరాన్ని స్కేలుతో కొలవడం కష్టం. మూడు మిల్లీమీటర్ల వస్తువు మీద అర మిల్లీమీటరు తప్పు పోతే లెక్కే మారిపోతుంది. కాస్త పెద్దది, ప్రతి సిస్టమ్‌లో ఒకేలా ఉండేది కావాలి. విండోస్ 11లో కింద ఉండే టాస్క్‌బార్ దానికి సరిగ్గా సరిపోయింది. 100% స్కేలింగ్‌లో దాని ఎత్తు 48 చుక్కలు. స్కేలింగ్ పెంచితే అక్షరాలతో పాటే అదీ పెరుగుతుంది. అంటే టాస్క్‌బార్ ఎన్ని మిల్లీమీటర్లుందో చూస్తే, ఆ సీటులో అక్షరం ఎంత పెద్దగా ఉందో చెప్పేయొచ్చు. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు చాలు.

24 అంగుళాల మానిటర్ 1920×1080లో, 100% దగ్గర టాస్క్‌బార్ 13 మిల్లీమీటర్లు వస్తుంది. మా ఆఫీసులో ఎక్కువమందికి ఏ ఫిర్యాదూ లేని సీట్లు అవే, కాబట్టి దాన్నే ఆధారం చేసుకున్నాను. 21.5 అంగుళాల్లో అదే రిజల్యూషన్ అయితే 100% దగ్గర 12, 125% దగ్గర 15. పాత 18.5 అంగుళాలదానికి 100% దగ్గరే 14 దాటుతుంది. చుక్కలు తక్కువ కాబట్టి ఒక్కో చుక్క లావు, దానికి 125 అక్కర్లేదని స్కేలే చెప్పేసింది. బాస్ గదిలో 27 అంగుళాలది ఉంది, 2560×1440. దానికి 100%లో 11 మాత్రమే, 125 పెడితే 14. పెద్ద మానిటర్ కాబట్టి అక్షరం కూడా పెద్దగానే ఉంటుందని అనుకుంటాం. దీంట్లో మాత్రం 24 అంగుళాలదానికంటే చిన్నగా వచ్చింది. అందుకే 13 నుంచి 15 మిల్లీమీటర్లు అని ఒక వరుస పెట్టాను. 21.5 సీటు 12 దగ్గర ఉంటే మాత్రం ఆ మనిషినే అడిగి వదిలేశాను, 125 పెడితే ఆ సైజులో ఎక్సెల్ వరుసలు మరీ తక్కువ కనిపిస్తాయి.

మీ దగ్గర విండోస్ 10 ఉన్న సిస్టమ్‌లుంటే అక్కడ టాస్క్‌బార్ 40 చుక్కలే. అక్కడ 13 బదులు 11, 15 బదులు 12.5 అనుకోండి. కింద చిన్న ఐకాన్‌ల ఆప్షన్ వేసి ఉంటే ఈ లెక్క పనికిరాదు, కొలిచేటప్పుడు దాన్ని తీసేయండి.

ఇక దూరం. పైన చెప్పిన కొలత, కంటికీ స్క్రీన్‌కీ మధ్య 65 సెంటీమీటర్లు ఉన్నప్పటిది. అంటే కుర్చీకి ఆనుకుని చెయ్యి చాపితే వేళ్లు స్క్రీన్‌కు తగిలీ తగలనట్టుండాలి. ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే పని చేసేవాళ్లు 50 దగ్గర కూర్చుంటారు. 65కి 13 అయితే 50కి 10 చాలు, కంటికి రెండూ ఒకే సైజు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 125% దగ్గర దాదాపు 11 వస్తుంది, సరిపోయింది. అదే ల్యాప్‌టాప్‌ను స్టాండెక్కించి, విడిగా కీబోర్డు పెట్టుకుని వెనక్కి జరిగితే 150% కావాలి, అప్పుడు 13 వస్తుంది. స్టాండ్ ఆయన సమస్య అదన్నమాట. ఆయనది చూపు లోపమని మేమంతా అనుకున్నాం.

బ్రైట్‌నెస్‌కు మాకు దొరికిన కొలత తెల్ల కాగితం. అకౌంట్స్ పని చేసేవాడు నిమిషానికి పదిసార్లు బల్ల మీది బిల్లు చూసి, తల ఎత్తి స్క్రీన్ చూస్తాడు. రెండూ ఒకే తెలుపులో ఉంటే కన్ను ప్రతిసారీ సర్దుకోవాల్సిన పని ఉండదు. మా హాల్లో ట్యూబ్‌లైట్లు వేశాక ఫోన్‌లో వెలుగు కొలిచే యాప్‌తో బల్ల మీద చూస్తే 350 లక్స్ అటూ ఇటూ వచ్చింది. ఫోన్ సెన్సార్ అంత ఖచ్చితం కాదు, అంచనాకు చాలు. ఆ వెలుగులో మామూలు ప్రింటింగ్ కాగితం తెలుపు, లెక్క కడితే, చదరపు మీటరుకు 90 క్యాండెలాల దగ్గర తేలుతుంది. మామూలు ఆఫీసు మానిటర్ డబ్బా మీద ఇదే కొలతలో 250 అని రాసి ఉంటుంది, అంటే ఫుల్ పెడితే కాగితం కంటే రెండున్నర రెట్లకు పైగా తెలుపు. డబ్బాలోంచి తీసి, ఏమీ మార్చకుండా వాడుకునే కొత్త మానిటర్ల ముందు కూర్చున్నవాళ్లు సాయంత్రానికి కళ్లు నలుపుకోవడంలో వింతేముంది?

లక్స్ లెక్కలేవీ స్టాఫ్‌కు చెప్పలేదు. కాగితం పక్కన పెట్టి చూడమన్నాను, అంతే. ఇదీ ఆ లెటర్.

*

అందరికీ నమస్కారం.

పోయిన వారం ఇచ్చిన లెటర్‌లో అన్ని సీట్లకు ఒకే నంబర్లు పెట్టమన్నాను. అది తప్పు. ఆ కాగితం చించేయండి. దానివల్ల సేవ్ బటన్ కనపడక ఇబ్బంది పడ్డవాళ్లు నన్ను క్షమించాలి, ఇకపై అలాంటిదేదైనా ఉంటే ఆ రోజే చెప్పండి.

మన ఆఫీసులో ఎవరు ఏ సీటులో కూర్చున్నా అక్షరం ఒకే సైజులో, తెలుపు ఒకే తెలుపులో కనపడాలి. సెలవు పెట్టినవాళ్ల సీటులో ఇంకొకరు కూర్చున్నా, ఇద్దరు కలిసి ఒక బిల్లు చూసినా ఇబ్బంది రాకూడదు. ఈ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో సీటు దగ్గరికీ నేనే వస్తాను. స్కేలు నా దగ్గరుంటుంది. కింది పనులు నాతో కలిసి చేద్దాం.

ముందుగా కీబోర్డు మీద విండోస్ కీ, R కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇది టైపు చేసి ఎంటర్ కొట్టండి.

```
ms-settings:display
```

తెరుచుకున్న పేజీలో Display resolution దగ్గర, Recommended అని పక్కన రాసి ఉన్నదే ఉండాలి. ఎవరూ దాన్ని మార్చవద్దు, అక్షరం పెద్దది చేసుకోవడానికి అసలే మార్చవద్దు. దాని పైన Scale ఉంటుంది. 100, 125, 150 ఒక్కోటి పెట్టి టాస్క్‌బార్ ఎత్తు కొలుస్తాం. మానిటర్ సీట్లలో 13 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య వచ్చేది ఉంచుతాం. ల్యాప్‌టాప్ దగ్గరగా పెట్టుకుని పని చేసేవాళ్లకు 10 నుంచి 11.5. మార్చాక ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి. అలా చేయకపోతే కొన్ని ప్రోగ్రాములు పాత సైజులోనే మసగ్గా కనపడతాయి.

తర్వాత ఎక్సెల్‌లో ఖాళీ షీట్ తెరిచి, మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి. ఒక తెల్ల ఏ4 కాగితం స్క్రీన్ అంచుకు ఆనించి నిలబెట్టండి. స్క్రీన్ దీపంలా వెలుగుతూ కాగితం దాని పక్కన మాసినట్టుంటే బ్రైట్‌నెస్ ఎక్కువ. కాగితమే తెల్లగా ఉండి స్క్రీన్ బూడిదరంగులో ఉంటే తక్కువ. రెండూ ఇంచుమించు ఒకటయ్యేదాకా తగ్గించండి, పెంచండి. మొదట్లో చీకటిగా అనిపిస్తుంది, పది నిమిషాలు ఓపిక పట్టండి. మానిటర్‌కు బ్రైట్‌నెస్ మార్చేది దాని కింద ఉన్న బటన్లతో. విండోస్‌లోని బ్రైట్‌నెస్ గీత ల్యాప్‌టాప్ స్క్రీన్‌కు మాత్రమే పని చేస్తుంది.

మన హాలుకు పడమటి కిటికీలున్నాయి. ఎండాకాలంలో వేడికి పొద్దున పదకొండుకే కర్టెన్లు వేసేస్తాం కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో లోపల చీకటి, డిసెంబర్‌లో వెలుగు. అందుకని ఏడాదికి రెండుసార్లు, కర్టెన్లు వేయడం మొదలైనప్పుడు, మానేసినప్పుడు ఈ కాగితం పని మళ్లీ చేద్దాం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద సగం లైట్లే వెలిగే సమయానికి ఎవరూ ఏదీ మార్చనక్కర్లేదు, ఆ కాసేపటికి సరిపెట్టుకుందాం.

అందరూ వాడే ఎక్సెల్ ఫైళ్లను 100% జూమ్‌లోకి తెచ్చాకే సేవ్ చేయండి. మీరు 160లో పెట్టి సేవ్ చేస్తే ఆ తర్వాత తెరిచేవాళ్లకు కూడా 160లోనే తెరుచుకుంటుంది.

చత్వారం అద్దాలున్నవాళ్లు, ఈ సైజు చాలనివాళ్లు నాతో విడిగా చెప్పండి. మీకు అక్షరాలు మాత్రమే పెద్దవి చేసే మార్గం ఉంది. ఈ కొలత మీకు వర్తించదని ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

సీటుకు కుదిరిన నంబర్లు ఒక చీటీ మీద రాసి మానిటర్ వెనుక అంటిస్తాను. ఎవరైనా మార్చుకుంటే వెళ్లేటప్పుడు చీటీలో ఉన్నట్టు పెట్టి వెళ్లండి.

*

ఇదే లెటర్ మీరు వాడుకోవచ్చు. మీ హాలు కిటికీలు ఏ దిక్కుకున్నాయో చూసి ఆ పేరా మార్చుకోండి. శనివారం రోజు నాకు ఎదురైనవి కొన్ని చెప్తాను, మీకూ వస్తాయి.

కాగితం పరీక్ష చేస్తుంటే ఒక మానిటర్‌లో వెలుగు తనంతట తాను మారిపోతోంది. ఖాళీ షీట్ తెరిస్తే ఒకలా, నల్లటి విండో తెరిచి మళ్లీ షీట్‌కు వస్తే ఇంకోలా. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్ వేసి ఉంది. ముందు దాన్ని తీసేయాలి, లేకపోతే ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. పిక్చర్ మోడ్ సినిమా అనో గేమ్ అనో ఉంటే మామూలు మోడ్‌లోకి తేవాలి. కొన్నింట్లో ఎకో మోడ్ వేసి ఉంటే బ్రైట్‌నెస్ బటన్ పని చేయదు, పాడైందనుకుంటాం. ల్యాప్‌టాప్‌లలో దీనికి అన్నదమ్ములున్నారు: స్క్రీన్ మీద ఉన్నదాన్ని బట్టి వెలుగు మార్చే ఆప్షన్ ఒకటి, బ్యాటరీ ఆదా చేసేది ఒకటి. మా దగ్గర కరెంటు పోగానే ల్యాప్‌టాప్ స్క్రీన్ మసకబారడం ఈ రెండోదాని పనే.

కిటికీకి వీపు పెట్టి కూర్చునే సీటులో కాగితం పరీక్ష ఫెయిలయ్యింది. సాయంత్రం నాలుగుకు స్క్రీన్ మీదే ఎండ పడుతోంది. ఎండ తగిలిన కాగితానికి ఏ ఆఫీసు మానిటరూ సాటి రాదు, ఫుల్ పెట్టినా చాలదు. "బ్రైట్‌నెస్ వందలో ఉన్నా ఏం కనపడలేదప్పా" అని ఆయన ఏడాదిగా అంటున్నది నిజమే. అక్కడ చేయాల్సింది సెట్టింగ్ కాదు. బల్లను తిప్పి, కిటికీ స్క్రీన్‌కు ముందూ వెనకా కాకుండా పక్కకు వచ్చేలా పెట్టాం. ఆ తర్వాత ఆయనకు 45 సరిపోయింది. వెనక కిటికీ ఉంటే స్క్రీన్ మీద మెరుపు, ఎదురుగా కిటికీ ఉంటే స్క్రీన్ చుట్టూ మెరుపు, రెండూ ఇబ్బందే. బల్ల కదిపేటప్పుడు కేబుళ్లు చాలక మళ్లీ కొనాల్సి వచ్చింది, ఆ ఖర్చు ముందే అనుకోండి.

18.5 పాతదానికి 75 దగ్గర కాగితం తెలుపు వచ్చింది, కొత్త 24 అంగుళాలదానికి 30 దగ్గరే వచ్చింది. మొదటి లెటర్ ప్రకారం రెండూ 40లో ఉన్నాయి కదా, ఒకరికి చీకటి, ఇంకొకరికి దీపం. నా మొదటి లెటర్ మీద నాకున్న కాస్త నమ్మకం కూడా ఆ రెండు అంకెలతో పోయింది. వెనుక లైటు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. 100 పెట్టినా కాగితాన్ని అందుకోలేకపోతే ఆ మానిటర్‌ను లోపలి గోడ పక్కకు పంపండి, లేదా మార్చండి. దాని కోసం మిగతా అందరి వెలుగూ తగ్గించకండి.

స్కేలింగ్ 125 పెట్టిన సీట్లలో ఒక పాత ప్రోగ్రాము మసగ్గా వచ్చింది, మిగతా అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. స్కేలింగ్ అంటే ఏంటో తెలియని రోజుల్లో రాసిన ప్రోగ్రాము అది. విండోస్ దాన్ని ఫొటో సాగదీసినట్టు సాగదీసి చూపిస్తుంది. అలా కనిపిస్తే ఆ ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి Properties, అందులో Compatibility, అందులో Change high DPI settings తెరవండి. కింద Override high DPI scaling behavior టిక్ పెట్టి, System (Enhanced) ఎంచుకుని చూడండి. మాకు ఒకదానికి కుదిరింది. కుదరకపోతే అక్కడే Application పెట్టండి. అక్షరం పదునుగా వస్తుంది కానీ చిన్నగా ఉంటుంది. ఏది మేలో ఆ సీటు మనిషి చెప్పాలి. ఇంకోమాట, ఎవరైనా Custom scaling లోకి వెళ్లి 110, 117 అని పెట్టుకుని ఉంటే తీసేయించండి. అక్కడ మసక ఎక్కువ వస్తుంది, కారణం వెతకడానికి మీ సగం రోజు పోతుంది.

చత్వారం వచ్చిన ఇద్దరికి Settings లో Accessibility, దాని కింద Text size తెరిచి, గీతను 120 దాకా జరిపాం. ఇది విండోల సైజు ముట్టుకోకుండా అక్షరాలను మాత్రం పెంచుతుంది, కాబట్టి సేవ్ బటన్ బయటికి పోదు. అయితే అన్ని ప్రోగ్రాములూ దీన్ని లెక్కచేయవు, మా అకౌంటింగ్ ప్రోగ్రాము చేయలేదు. దాంట్లోని సొంత ఆప్షన్లలోనే సైజు పెంచుకోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరి అద్దాలు రెండు భాగాలవి. కింది భాగంలోంచి చూడాలని ఆయన రోజంతా గడ్డం పైకెత్తి కూర్చునేవాడు, మెడ నొప్పి. మానిటర్ కింద పెట్టిన రెండు పాత రిజిస్టర్లు తీసేసి కిందికి దించితే అక్షరం సైజు పెంచాల్సిన అవసరం కూడా తగ్గింది.

తెలుగులో టైపు చేసే సీటు మీకుంటే దాని సంగతి వేరు. అద్దె అగ్రిమెంట్లు, నోటీసులు మా దగ్గర ఒకమ్మాయి కొడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే సైజు మన వత్తులకు సరిపోదు. ప, ఫ మధ్య, ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీతే, "ష్ట్ర" లాంటి దాంట్లో కింద రెండు వత్తులు ఇరుక్కుంటాయి. పేర్లలో ఇలాంటి తప్పు పోతే అగ్రిమెంట్ మళ్లీ కొట్టాల్సిందే. అలాగని ఆ సీటుకు స్కేలింగ్ పెంచకండి, మిగతా పని పాడవుతుంది. వర్డ్‌లో జూమ్ 130, 140 పెట్టుకోమనండి. వర్డ్ ఫైలు ఆమె ఒక్కరిదే కాబట్టి ఎక్సెల్‌కు వచ్చిన గొడవ ఇక్కడ రాదు.

చీటీ మీద మేం రాసేది ఇంతే:

సీటు 5. 27 అంగుళాలు, 2560×1440. స్కేల్ 125. టాస్క్‌బార్ 14 మి.మీ. బ్రైట్‌నెస్ 35, కర్టెన్ వేస్తే 28.

తేదీ కూడా వేయండి. మొదటిసారి నేను వేయలేదు. ఎల్‌ఈడీ ట్యూబులు మార్చినప్పుడు హాలంతా వెలుగు పెరిగి, ఏ చీటీ మార్చకముందుదో ఏది తర్వాతదో తెలియక తొమ్మిది సీట్లూ మళ్లీ కాగితం పట్టుకుని తిరిగాను.